జంట బ్యాండ్లు: లోహం, వెడల్పు, బడ్జెట్ గొడవను గ్రాముల్లో తేల్చుకునే పద్ధతి

"ఆరు మిల్లీమీటర్లయినా లేకపోతే అది బ్యాండేంటి? వేలికి తీగ చుట్టుకున్నట్టుంటుంది" అన్నాడు కిరణ్.

"నీ వేలికి ఆరు బాగానే ఉంటుంది. నాకూ ఆరంటే పైపు ముక్క తొడిగినట్టే" అంది కావ్య.

"జంట అన్నాక రెండూ ఒకేలా ఉండాలి కదా."

"సరే, అయితే రెండూ మూడు మిల్లీమీటర్లు. రెండూ ఇరవై రెండు క్యారెట్లు."

"పసుపు నాకొద్దని చెప్పాగా. ప్లాటినం తీసుకుందాం."

"దేనితో తీసుకుంటావు?"

నిశ్చితార్థమై పెళ్లికి రెండు నెలలున్న జంటలు నా పని బల్ల ముందు కూర్చుంటే మాట దాదాపు ఇలాగే నడుస్తుంది. పేర్లు మార్చాను గానీ మాటలు వాళ్లవే. ఉంగరాలు చేసేవాడిగా నాకు అర్థమైంది ఒకటుంది. లోహం, వెడల్పు, డబ్బు అని మూడు గొడవలుగా కనిపిస్తాయి గానీ ఉన్నది ఒకటే గొడవ, అది బరువు. వెడల్పు పెరిగితే బరువు పెరుగుతుంది, లోహం మారితే బరువు మారుతుంది, బరువే డబ్బు. ఈ మూటలో నాలుగోది కూడా ఉంది, మందం. దాని గురించి ఎవరూ పోట్లాడరు. అందుకే రాజీ కుదిరిన ప్రతిసారీ చడీచప్పుడు లేకుండా కోత పడేది దానికే. కావ్య, కిరణ్‌ల లెక్క ఎలా తేలిందో అడుగడుగునా చెబుతాను. మీ కొలతలు పెట్టుకుంటే మీ లెక్కా అలాగే తేలుతుంది.

మొదటి అడుగు: డబ్బును మేలిమి గ్రాముల్లోకి మార్చడం

ఇద్దరికీ చెరో చీటీ ఇచ్చి, రెండు ఉంగరాలకూ కలిపి ఎంత పెట్టగలరో ఒకరిది ఒకరు చూడకుండా రాయమన్నాను. రాసిన మొత్తాన్ని ఆ రోజు 24 క్యారెట్ల గ్రాము ధరతో భాగించాను. కావ్యది 12 గ్రాముల మేలిమి బంగారానికి సరిపోయే మొత్తం. కిరణ్‌ది 18 గ్రాములది.

"ఒక్కసారి కొనేదానికి కూడా లెక్కలేనా?" అన్నాడు కిరణ్.

"ఒక్కసారి కొనేవి ఈ రెండు నెలల్లో ఇంకా ఇరవై ఉన్నాయి" అంది కావ్య.

ఇలాంటప్పుడు మధ్యలో 15 దగ్గర రాజీ పడమని నేను చెప్పను. తక్కువ అంకెనే హద్దుగా పెట్టుకుని, అందులో ఇద్దరికీ నచ్చేది వస్తుందో లేదో ముందు చూడాలి. రాకపోతే అప్పుడు పెంచుకోవచ్చు. ఎక్కువ అంకెతో మొదలుపెట్టాక తగ్గించుకున్న జంటను నేనింతవరకూ చూడలేదు.

ఆ 12 గ్రాములూ లోహానికే పోవు. తరుగు, మజూరీ, పన్నులు ఉంటాయి. నగిషీ లేని సాదా బ్యాండ్లే కాబట్టి వాళ్ల లెక్కలో వాటికి 2 గ్రాముల విలువ పక్కన పెట్టాం. మీ దగ్గర ఇది ఎక్కువో తక్కువో కావచ్చు, ముందే అడిగి రాసుకోండి. మిగిలింది 10 గ్రాముల మేలిమి. ఇక మాటలన్నీ ఈ పది చుట్టూనే.

ఒక జాగ్రత్త. చేతిలో డబ్బు అంతే ఉండి ధర పెరిగితే మీ గ్రాములు కరిగిపోతాయి. అడ్వాన్సు ఇచ్చిన రోజు ధరే చివరిదాకా ఉంటుందా, తీసుకెళ్లే రోజు ధర వేస్తారా అన్నది చీటీ మీద రాయించుకోవాలి.

రెండో అడుగు: వేళ్లు కొలవడం

దీన్ని చివరికి నెట్టేస్తారు గానీ లోపలి వ్యాసం తెలియకుండా ఏ లెక్కా కుదరదు. వేలు రోజంతా ఒకేలా ఉండదు. చలికి సన్నబడుతుంది, ఎండకీ వ్యాయామానికీ ఉబ్బుతుంది. సాయంత్రం పూట, ఒళ్లు మామూలుగా ఉన్నప్పుడు, వేర్వేరు రోజుల్లో రెండు మూడు సార్లు కొలిస్తే నమ్మకంగా ఉంటుంది. ఉంగరం కణుపు దగ్గర కాస్త పట్టి దాటాలి, తీసేటప్పుడు కొద్దిగా తిప్పితేనే రావాలి.

ఇక్కడ నేను చేసిన పొరపాటు చెప్పాలి. చాలా ఏళ్ల కిందట ఒకాయనకి 7 మిల్లీమీటర్ల బ్యాండ్ చేశాను. కొలత మాత్రం సైజు గుత్తిలోని సన్నటి రింగుతో తీసుకున్నాను. వాటి వెడల్పు రెండు మూడు మిల్లీమీటర్లే. ఆ రింగు సుఖంగా ఎక్కింది, నేను చేసిన బ్యాండ్ కణుపు దగ్గరే ఆగిపోయింది. వెడల్పైన పట్టీ వేలి కండను ఎక్కువ మేర ఒకేసారి నొక్కుతుంది కాబట్టి అదే సైజు బిగుతైపోతుంది. ఐదారు మిల్లీమీటర్లు దాటితే లోపలి వ్యాసం 0.2 నుంచి 0.4 మిల్లీమీటర్ల దాకా పెంచాల్సి వస్తుంది. ఎంత పెంచాలన్నది ఊహించి చెప్పకూడదు, అంతే వెడల్పున్న కొలత రింగు తొడిగి చూడాలి. అలాంటి గుత్తి వేరే ఉంటుంది, అడగండి.

కిరణ్‌కి లోపలి వ్యాసం 20 మిల్లీమీటర్లు, కావ్యకి 16.5 వచ్చాయి.

మూడో అడుగు: లోహం

"ఇరవై రెండు క్యారెట్లే మంచి బంగారం అంటారు కదా" అంది కావ్య.

మంచిదే, అందులో వెయ్యికి 916 పాళ్లు బంగారం. మెత్తదనం వచ్చేదీ అందుకే. పండగలకి తీసి పెట్టుకునే గొలుసుకి ఆ మెత్తదనం ఇబ్బంది కాదు. రోజూ వేలికుండే బ్యాండ్ మాత్రం తలుపు గొళ్లేనికి, స్టీరింగుకి, బకెట్ పిడికి తగులుతూనే ఉంటుంది. సన్నటి 22 క్యారెట్ల బ్యాండ్ కొన్నాళ్లకి సొట్టలు పడి, గుండ్రం పోయి కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది. 18 క్యారెట్లలో వెయ్యికి 750 పాళ్లే బంగారం. మిగిలిన రాగి, వెండి దాన్ని గట్టిపరుస్తాయి.

కావ్య వేలికి అప్పటికే నిశ్చితార్థపు ఉంగరం ఉంది. తీయించి లోపలి ముద్ర చూశాను, 750 అని ఉంది. బ్యాండ్ దాని పక్కనే ఉండబోతోంది. రెండు ఉంగరాలు పక్కపక్కనే ఉంటే రోజంతా ఒకదాన్నొకటి రాచుకుంటాయి, గట్టిది మెత్తదాన్ని తింటుంది. ఆ ఉంగరం పక్కన 22 క్యారెట్లు పెడితే కొన్నేళ్లకి బ్యాండ్ అంచు మీద గాడి పడటం ఖాయం. ఇది చెప్పాక కావ్య 22ని తనే వదిలేసింది.

"మరి ప్లాటినం?" కిరణ్ ప్రశ్న.

ప్లాటినం మీద నాకు గౌరవమే. బ్యాండ్లకి వాడేదాంట్లో వెయ్యికి 950 పాళ్లు ప్లాటినమే ఉంటుంది, పూత అక్కర్లేదు. గీతలు పడతాయి గానీ లోహం ఊడిపోవడం తక్కువ. గీసిన చోట పక్కకి ఒత్తుకుని, కొన్నాళ్లకి ఉంగరమంతా మసక వెండి రంగు తేరుతుంది. అది ఇష్టమైతే తీసుకోవచ్చు. చిక్కు బరువుతో వస్తుంది. ఒకే అచ్చులో 18 క్యారెట్ల ఉంగరం 10 గ్రాములు తూగితే ప్లాటినంది 13 గ్రాములు దాటుతుంది. గ్రాము ధర బంగారం కన్నా తక్కువున్న రోజుల్లో కూడా ఆ అదనపు బరువు తేడాని కొంత మింగేస్తుంది. పైగా దాన్ని కరిగించాలంటే దాదాపు 1770 డిగ్రీల వేడి కావాలి, మేలిమి బంగారానికి 1064 చాలు. పనిముట్లు వేరు, శ్రమ ఎక్కువ, అందుకని మజూరీ కూడా ఎక్కువే. పన్నెండు గ్రాముల హద్దులో ఆ ముచ్చట తీరుతుందని చెప్పలేను.

"తెల్ల బంగారం అయితే?"

ఇక్కడ ఒకటి తెలుసుకుని కొనాలి. దుకాణంలో మీరు చూసే ఆ చల్లటి తెలుపు సాధారణంగా బంగారానిది కాదు, పైన వేసిన రోడియం పూతది. రోజూ పెట్టుకునే బ్యాండ్‌కి అరచేతి వైపు ఏడాది, రెండేళ్లలో పూత అరిగి, అడుగున లేత పసుపో బూడిద రంగో బయటపడుతుంది. మళ్లీ పూత వేయించుకోవచ్చు, ఎప్పటికప్పుడు వేయించుకుంటూ ఉండాలి. ఇంకో సంగతి, బంగారాన్ని తెల్లబరచడానికి కొందరు నికెల్ కలుపుతారు, కొందరు పల్లాడియం. నికెల్ పడని ఒళ్లు చాలానే ఉంటాయి. చవక గడియారపు బెల్టు బకిల్ కిందో, జీన్స్ గుండీ కిందో దురద వచ్చేవాళ్లు నికెల్ జోలికి పోవద్దు. కిరణ్‌కి బకిల్ కింద దద్దుర్లు వస్తాయట.

అందుకని నేను చెప్పింది పల్లాడియం కలిపిన 18 క్యారెట్ల తెల్ల బంగారం, పూత లేకుండా. దాని అసలు రంగు మెత్తటి బూడిద తెలుపు. నమూనా ముక్క కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసి "ఇదే కావాలి, ఆ మెరుపు అక్కర్లేదు" అన్నాడు.

మధ్యలో టంగ్‌స్టన్ కార్బైడ్ మాట కూడా వచ్చింది, చవకని, గీతలు దాదాపు పడవని. రెండూ నిజమే. దాని సైజు మార్చడం మాత్రం కుదరదు, రాతి నేల మీద పడితే పగలొచ్చు కూడా. వేలు వాచి ఇరుక్కుంటే మామూలు ఉంగరాన్ని కోసినట్టు కోయలేరు, లాకింగ్ ప్లయర్‌తో నొక్కి పగలగొట్టి తీస్తారు. తీయడం కష్టమేం కాదు, ఉంగరం మాత్రం పోతుంది. వేలు లావెక్కిన ప్రతిసారీ కొత్తది కొనుక్కోవడానికి అభ్యంతరం లేనివాళ్లకి అదీ ఒక దారే.

నాలుగో అడుగు: వెడల్పు

కాస్త మందంగా ఉన్న అట్ట తీసుకుని 3, 3.5, 4, 5, 6 మిల్లీమీటర్ల పట్టీలు కత్తిరించండి. వేలికి చుట్టి టేపు వేసి అద్దం ముందు నిలబడండి. వేలు దగ్గరగా పెట్టుకుని చూస్తే ఏ వెడల్పైనా బాగానే ఉంటుంది. మనిషి మొత్తం కనిపించే దూరంలో చూస్తేనే తేడా తెలుస్తుంది. తర్వాత పిడికిలి బిగించండి. పట్టీ అంచు వేలి మడతలోకి గుచ్చుకుంటే ఆ వెడల్పు మీ వేలికి ఎక్కువ. కిరణ్‌కి 6 దగ్గర గుచ్చుకుంది, 5 దగ్గర లేదు. అట్ట ముక్క తీర్పు చెప్పేసింది కాబట్టి నేను నోరు విప్పాల్సిన పని లేకపోయింది.

వెడల్పు ఎక్కువైన కొద్దీ అడుగున తడి, సబ్బు నిలుస్తాయి. రోజూ గిన్నెలు తోమేవాళ్లూ, చేతులు మాటిమాటికీ కడుక్కోవాల్సిన పనిలో ఉన్నవాళ్లూ ఇది లెక్కలోకి తీసుకోవాలి. బ్యాండ్ కింద చర్మం నాని తెల్లబడుతుంటే తీసి ఆరబెట్టుకోవాలి.

"అయితే నాది ఐదు, నీది మూడున్నర. ఇంక జంటేముంది?" అన్నాడు కిరణ్. రంగులు కూడా వేరయ్యేసరికి మొహం వాడిపోయింది.

నాకు తెలిసినంతలో రెండు బ్యాండ్లు జంటగా కనిపించాలంటే వెడల్పు కలవనక్కర్లేదు. కలవాల్సినవి రెండు. ఒకటి కోత, అంటే ఉంగరాన్ని అడ్డంగా కోస్తే కనిపించే ఆకారం. పైన ఉబ్బుగా ఉందా, చదునుగా ఉందా, అంచు పదునా, గుండ్రమా అన్నది. రెండోది పై మెరుగు, అద్దంలా ఉందా, సన్నటి గీతల మసకా అని. ఈ రెండూ ఒక్కటైతే పసుపు, తెలుపు పక్కపక్కన ఉన్నా అవి ఒకే చేతి పనిలా కనిపిస్తాయి. ఇవి తేడా అయితే రెండూ ఒకే లోహం, ఒకే వెడల్పు అయినా వేర్వేరు చోట్ల కొన్నట్టే ఉంటాయి. వేర్వేరు చేతులకి కాబట్టి వెడల్పు వేలికి తగ్గట్టుండాలి. లావు వేలికి 5, సన్న వేలికి 3.5 పెడితే చూసేవాళ్లకి అవి సమానంగానే అనిపిస్తాయి.

వాళ్లు పైన కొద్దిగా ఉబ్బు, లోపలా కాస్త గుండ్రం ఉన్న కోత ఎంచుకున్నారు. లోపలి గుండ్రం వల్ల కణుపు దాటడం తేలికవుతుంది, అంచులు గుచ్చుకోవు.

ఐదో అడుగు: మందం, బరువు

వెడల్పు ఎదుటివాళ్లకి కనిపిస్తుంది, మందం కనిపించదు. బడ్జెట్ దాటిందనగానే "అదే డిజైన్, తక్కువ బరువులో" అని చూపించేవాటిలో కోత పడేది ఇక్కడే. 6 మిల్లీమీటర్ల వెడల్పు, మిల్లీమీటరు మందం ఉన్న బ్యాండ్ పైకి ఠీవిగానే ఉంటుంది, బైకు హ్యాండిల్ గట్టిగా పట్టుకుంటూ ఉంటే వంగిపోతుంది. ఇంకొన్నిటికి అంచులు మందంగా ఉంచి లోపలంతా దొప్పలా తొలిచేస్తారు. ఉంగరం తిరగేసి లోపలి వైపు వేలితో తడిమితే తెలిసిపోతుంది. రోజూ పెట్టుకునే 18 క్యారెట్ల బ్యాండ్‌కి నడిమధ్య ఒకటిన్నర మిల్లీమీటర్లకి తగ్గకుండా చేయడం నా అలవాటు. ముందు ముందు సైజు పెంచాలన్నా, గీతలు పోవడానికి మెరుగు పెట్టాలన్నా ఆ మందంలోంచే కొంత పోతుంది.

బరువు ముందే తెలుసుకోవడానికి ఈ లెక్క చాలు:

```
ఘనపరిమాణం = 3.14 × (లోపలి వ్యాసం + మందం) × వెడల్పు × మందం
బరువు = ఘనపరిమాణం ÷ 1000 × సాంద్రత
```

కొలతలన్నీ మిల్లీమీటర్లలో వేస్తే బరువు గ్రాముల్లో వస్తుంది. సాంద్రత 22 క్యారెట్లకి దాదాపు 17.7, 18 క్యారెట్ల పసుపుకి 15.5. ఇది చదును కోతకి. నడుమ 1.6, అంచుల దగ్గర 1 మిల్లీమీటరు మందంతో ఉబ్బు కోత అయితే వచ్చినదాంట్లో ఎనిమిదో వంతు తీసేయాలి.

ముందు వాళ్లు మొదట అడిగిన వెడల్పులే, కావ్య అడిగిన లోహంలో వేసి చూపించాను. కిరణ్‌కి 6, కావ్యకి 3, రెండూ 22 క్యారెట్లు, మందం 1.6, చదును కోత. రెండూ కలిపి 16 గ్రాములు దాటాయి, అందులో మేలిమి 15. చేతిలో ఉన్నది 10.

తర్వాత కుదిరిన కొలతలు. కిరణ్‌ది 3.14 × 21.6 × 5 × 1.6 అంటే దాదాపు 543, ఎనిమిదో వంతు తీస్తే 475. పల్లాడియం తెల్ల బంగారం సాంద్రత పసుపు కన్నా కొద్దిగా ఎక్కువ కాబట్టి బరువు ఏడున్నర గ్రాముల దగ్గర తేలింది. అందులో ముప్పాతిక వంతు మేలిమి, అంటే 5.6 గ్రాములు. కావ్యది 3.14 × 18.1 × 3.5 × 1.6 అంటే 318, ఎనిమిదో వంతు పోను 278, బరువు 4.3 గ్రాములు, మేలిమి 3.2. రెండూ కలిపితే 8.8. మిగిలిన 1.2 గ్రాముల విలువలోంచే కిరణ్ ఉంగరంలో కలిపే పల్లాడియం ఖర్చు వెళ్లాలి.

"పద్దెనిమిది ఎందుకు రాశానో నాకే తెలీదు" అన్నాడు కిరణ్.

"ప్లాటినం మనసులో పెట్టుకుని రాసినందుకు" అంది కావ్య.

ఆరో అడుగు: ఆర్డరు చీటీ

నోటి మాట మీద వదలొద్దు. ఒక్కో ఉంగరానికీ లోహం, ముద్ర అంకె, లోపలి వ్యాసం, వెడల్పు, నడుమ మందం, అంచు మందం, కోత, మెరుగు, అంచనా బరువు, ఎంత దాకా అటూ ఇటూ ఒప్పుకుంటారో రాయించండి. నేనైతే 5 శాతం దాకా అంటాను. తెల్ల బంగారమైతే "నికెల్ లేదు, పూత లేదు" అన్న రెండు మాటలు విడిగా ఉండాలి. లోపల పేర్లో తేదీయో చెక్కించాలనుకుంటే, ఉంగరం వేలికి సరిపోయిందని కొన్నాళ్లు పెట్టుకుని చూశాకే చెక్కించండి. సైజు మార్చాలంటే కోసి అతకాలి, ఆ కోత సరిగ్గా పేరు మీద పడితే బాధగా ఉంటుంది.

ఏడో అడుగు: చేతికొచ్చాక చూసుకోవడం

ముద్ర చూడండి, 18 క్యారెట్లకి 750. వెర్నియర్ కాలిపర్‌తో వెడల్పు, నడుమ మందం నాలుగు చోట్ల కొలవండి. ఒకచోట 1.6, ఇంకోచోట 1.3 వస్తే ఆకురాయి ఒకవైపే ఎక్కువ నడిచినట్టు. బరువు తూచి చీటీతో పోల్చండి. వెడల్పు సరిగ్గా ఉండి బరువు బాగా తగ్గితే లోపల దొప్ప ఉందేమో చూడాలి.

నూరో వంతు గ్రాము చూపించే చిన్న తూకం ఇంట్లో ఉంటే సాదా బ్యాండ్‌ని ఇంకోలా కూడా పరీక్షించవచ్చు. తూకం మీద నీళ్ల కప్పు పెట్టి సున్నా చేయండి. ఉంగరాన్ని దారానికి కట్టి, కప్పు అడుగుకీ గోడకీ తగలకుండా పూర్తిగా నీళ్లలో ముంచి పట్టుకోండి. అప్పుడు తూకం చూపించే అంకె ఘన సెంటీమీటర్లలో ఉంగరం ఘనపరిమాణం. కావ్య బ్యాండ్ పొడిగా 4.32 గ్రాములు తూగింది, నీళ్లలో వేలాడదీస్తే 0.28 చూపించింది. మొదటిదాన్ని రెండోదాంతో భాగిస్తే సాంద్రత 15.4. పద్దెనిమిది క్యారెట్ల పసుపు 15కీ 16కీ మధ్య రావాలి, వచ్చింది. ఇంత చిన్న ఉంగరంలో అంకె 0.01 అటూ ఇటూ అయినా జవాబు అర దాకా మారుతుంది కాబట్టి మూడుసార్లు చేసి చూడాలి. గాలి బుడగ అంటుకుంటే జవాబు తప్పొస్తుంది, ముంచే ముందు ఉంగరాన్ని సబ్బు నీళ్లతో కడిగేయాలి. ఈ పరీక్షతో పెద్ద తేడాలు దొరుకుతాయి, స్వచ్ఛతకి రుజువు మాత్రం ముద్రే.

కిరణ్‌ది అదే పరీక్షలో బాగానే వచ్చింది గానీ తొడిగినప్పుడు కణుపు దగ్గర కొంచెం బిగుతుగా ఉంది. వెంటనే పెంచమన్నాడు. మధ్యాహ్నం ఎండలో నడిచి వచ్చాడు, చేతులు ఉబ్బి ఉన్నాయి. పది రోజులు పెట్టుకుని చూసి రమ్మన్నాను. మళ్లీ వచ్చింది పేర్లు చెక్కించుకోవడానికే.